మాట్లాడే ముఖం ప్రాంప్టు

మాట్లాడే ముఖం ప్రాంప్టు అనగా, ఒక వ్యక్తి కెమెరా వైపు చూస్తూ మాట్లాడుతున్నట్లు కనిపించే వీడియోను కృత్రిమ మేధ చేత తయారు చేయించడానికి వ్రాసి ఇచ్చే వర్ణన. టెలివిజన్ రంగంలో ఛాతీ పై భాగం మాత్రమే కనిపిస్తూ మాట్లాడే మనిషి దృశ్యాన్ని చాలాకాలంగా "టాకింగ్ హెడ్" అని పిలుస్తున్నారు. ఆ పేరే ఈ రకపు ప్రాంప్టులకు కూడా వచ్చింది. ఈ వ్యాసం ముఖ్యంగా ఒక ఉపాధ్యాయుడు లేదా ఉపాధ్యాయిని పాఠం చెబుతున్న వీడియోకు వ్రాసే ప్రాంప్టు గురించి వివరిస్తుంది. ఇటువంటి వీడియోకు మూడు లక్షణాలు అవసరం. మొదటి క్షణంలో కనిపించిన ముఖమే చివరి క్షణం వరకూ ఉండాలి. చేతుల కదలిక మాటకు తగినట్లు ఉండాలి. వెనుక ఉన్న గోడ, బల్ల, కిటికీ వంటివి కదలకుండా ఉండాలి.

ఈ మూడూ వినడానికి తేలికగా ఉన్నా, వీడియో తయారుచేసే నమూనాకు మాత్రం కష్టమైనవి. నిజమైన కెమెరా ముందు ఒక మనిషి కూర్చుంటే ముఖం మారకపోవడం, గోడ కదలకపోవడం వాటంతట అవే జరుగుతాయి. కృత్రిమ వీడియోలో ఆ స్థిరత్వాన్ని కూడా తయారు చేయవలసి ఉంటుంది.

## నేపథ్యం

కంప్యూటరు ద్వారా పెదవులను మాటకు అనుగుణంగా కదిలించే ప్రయత్నాలు కొత్తవి కావు. 1997లో వెలువడిన "వీడియో రీరైట్" అనే పద్ధతి, ఒక వ్యక్తి పాత వీడియోలోని నోటి కదలికలను ధ్వనుల వారీగా విడదీసి, కొత్త మాటలకు తగినట్లు తిరిగి అమర్చేది. 2017లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు బరాక్ ఒబామా ప్రసంగాల ధ్వనిని తీసుకొని, దానికి సరిపడే నోటి కదలికలను తయారుచేసి చూపారు.

ఈ చరిత్రలో హైదరాబాదుకు కూడా స్థానం ఉంది. గచ్చిబౌలిలోని ఐఐఐటీ హైదరాబాదుకు చెందిన కె.ఆర్.ప్రజ్వల్, రుద్రభ ముఖోపాధ్యాయ, సి.వి.జవహర్‌లు వినయ్ నంబూదిరితో కలిసి 2020లో "వావ్2లిప్" అనే నమూనాను ప్రకటించారు. ఏ వ్యక్తి వీడియోకైనా, ఏ భాష ధ్వనికైనా పెదవులను సరిచేయగలగడం దీని ప్రత్యేకత. పెదవులకూ మాటకూ పొంతన ఉన్నదా లేదా అని తీర్పు చెప్పే మరొక నమూనాను ముందుగానే తయారుచేసి, శిక్షణ సమయంలో దానిని మార్చకుండా న్యాయనిర్ణేతగా ఉంచడం ఇందులోని కీలకమైన ఆలోచన. అయితే ఇది ముఖాన్ని 96×96 పిక్సెళ్ళ చిన్న చదరంగా తీసుకొని పనిచేస్తుంది. అందువలన పెద్ద తెరపై చూసినపుడు నోటి చుట్టూ కొంత మసకగా కనిపిస్తుంది.

ఈ పద్ధతులలో ప్రాంప్టు అనేదే లేదు. ముందుగా ఒక నిజమైన వీడియో ఉండేది, దానిలో నోరు మాత్రమే మారేది. ఆ తరువాత వచ్చిన నమూనాలు ఒక్క ఫోటో నుండి, లేదా ఫోటో కూడా లేకుండా వ్రాతపూర్వక వర్ణన నుండి, మొత్తం దృశ్యాన్ని సృష్టించడం మొదలుపెట్టాయి. 2025 మే నెలలో గూగుల్ ప్రకటించిన వియో 3 నమూనా దృశ్యంతో పాటు మాటను కూడా తయారుచేయగలిగింది. దృశ్యమంతా వర్ణన నుండే పుట్టవలసి రావడంతో, ప్రాంప్టులో ఏమి వ్రాయాలనేది ముఖ్యమైన ప్రశ్న అయింది.

## ముఖం ఎందుకు మారిపోతుంది

నేటి వీడియో నమూనాలు ఎక్కువగా విసరణ పద్ధతిపై ఆధారపడి ఉన్నాయి. ఇవి చుక్కల గందరగోళంతో మొదలై, దానిని అంచెలంచెలుగా శుభ్రపరుస్తూ చిత్రంగా మారుస్తాయి. సెకనుకు 24 ఫ్రేముల చొప్పున 8 సెకన్ల వీడియోలో 192 ఫ్రేములు ఉంటాయి. వీటన్నింటిలో ఉన్నది ఒకే మనిషి అనే జ్ఞానం నమూనాలో ఒక నియమంగా ఉండదు. ఫ్రేముల మధ్య పోలికలను గమనించడం ద్వారా అది ఆ ఏకత్వాన్ని సాధిస్తుంది. ముఖం స్పష్టంగా, ఎదురుగా, ఏ అడ్డూ లేకుండా ఉన్నంతవరకూ ఈ పోలిక బాగా కుదురుతుంది. ముఖం పక్కకు తిరిగినా, చేయి అడ్డం వచ్చినా ఆ కాసేపు దాగిన భాగాన్ని తరువాత మళ్ళీ ఊహించవలసి వస్తుంది. ఆ ఊహలో ముక్కు కొంచెం సన్నబడవచ్చు, బొట్టు కొంచెం పైకి జరగవచ్చు, దవడ ఆకారం మారవచ్చు. వీడియో చూసేవారు కారణం చెప్పలేకపోయినా, ఏదో తేడా వచ్చిందని వెంటనే గుర్తిస్తారు. మనిషి కన్ను గోడ రంగులోని మార్పును క్షమిస్తుంది కానీ ముఖంలోని మార్పును క్షమించదు.

రెండవ కారణం పరిమాణానికి సంబంధించినది. అనేక నమూనాలు చిత్రాన్ని పిక్సెళ్ళుగా కాక, కుదించిన రూపంలో తయారుచేస్తాయి. 8 పిక్సెళ్ళ వెడల్పు, 8 పిక్సెళ్ళ ఎత్తు గల ఒక్కొక్క ప్రాంతాన్ని ఒక గడిగా కుదించడం సాధారణం. ఇప్పుడు 1280×720 పిక్సెళ్ళ వీడియోలో ఉపాధ్యాయిని తల నుండి పాదాల వరకూ నిలబడి ఉన్నట్లు అనుకుందాం. మనిషి ఎత్తులో తల సుమారు ఏడున్నరవ వంతు కనుక, ఆమె తలకు దక్కేది దాదాపు 96 పిక్సెళ్ళు. నోటి వెడల్పు తల ఎత్తులో ఐదవ వంతుకు కాస్త ఎక్కువ, అంటే 21 పిక్సెళ్ళు. కుదించిన రూపంలో అది మూడు గడులకు కూడా రాదు. మూడు గడులలో పళ్ళు, నాలుక, పెదవుల అంచులు అన్నీ ఇమడవలసి ఉంటుంది. అదే ఛాతీ వరకు మాత్రమే కనిపించే దృశ్యంలో తల 300 పిక్సెళ్ళు ఉంటే నోటికి 66 పిక్సెళ్ళు, అనగా ఎనిమిది గడులు దొరుకుతాయి.

దీనిని బట్టి ఒక విషయం తెలుస్తుంది. "ముఖం స్థిరంగా ఉండాలి" అని ప్రాంప్టులో ఎన్నిసార్లు వ్రాసినా కలగని ఫలితం, ఛాతీ వరకే దృశ్యం చూపమని వ్రాస్తే కలుగుతుంది. స్థిరత్వం అనే పదం నమూనాకు ఒక ఆజ్ఞగా పనిచేయదు. స్థిరత్వానికి వీలు కల్పించే దృశ్యాన్ని వర్ణించడమే ప్రాంప్టు చేయగల పని.

ముఖాన్ని నిలపడానికి అన్నింటికంటే బలమైన సాధనం ఒక ఆధార చిత్రం. పదాలతో ఒక ముఖాన్ని పూర్తిగా చెప్పడం సాధ్యం కాదు. "నలభై అయిదేళ్ళ ఉపాధ్యాయిని, కోల ముఖం" అన్న వర్ణనకు సరిపోయే ముఖాలు లక్షలు ఉంటాయి, ప్రాంప్టును ఇచ్చిన ప్రతిసారీ నమూనా వాటిలో వేరొక దానిని ఎంచుకుంటుంది. ఆధార చిత్రాన్ని ఎంచుకొనేటపుడు ముఖం ఎదురుగా, వెలుతురు రెండు వైపులా సమంగా ఉండేలా చూస్తారు. పెదవులు కొద్దిగా తెరచి, పై పళ్ళు కొంత కనిపించే చిత్రం మేలు. పెదవులు పూర్తిగా మూసి ఉన్న చిత్రాన్ని ఇస్తే పళ్ళు ఎలా ఉంటాయో నమూనాకు తెలియదు కనుక, తానే కల్పిస్తుంది. ఆ పళ్ళు ఆ మనిషివి కాకపోవడమే కాక, ఒక మాటకూ మరొక మాటకూ మధ్య మారిపోతుంటాయి కూడా. పెద్ద జూకాలు, అద్దాల మెరుపు, నుదుటిపై పడే వెంట్రుకలు వంటివి తగ్గిస్తే నమూనా గుర్తుంచుకోవలసిన వివరాలు తగ్గుతాయి.

స్థిరమైన ముఖం అంటే బిగుసుకుపోయిన ముఖం కాదు. విశ్రాంతిగా ఉన్న మనిషి నిమిషానికి సుమారు 15 నుండి 20 సార్లు రెప్పలు వేస్తాడు. 8 సెకన్లలో రెండు లేక మూడు సార్లు రెప్ప పడాలి. ఒక్కసారి కూడా పడకపోతే ముఖం బొమ్మలా కనిపిస్తుంది.

## చేతి కదలికలు

మాట్లాడే మనిషి చేతి కదలికలను అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ మెక్‌నీల్ 1992లో ప్రచురించిన పుస్తకంలో నాలుగు రకాలుగా వివరించాడు. ఆకారాన్ని లేదా చర్యను చూపేవి, ఒక భావాన్ని వస్తువులా చూపేవి, దేనినైనా వేలితో చూపేవి, మాటలోని ఊనికకు తాళం వేసినట్లు ఉండేవి. పాఠం చెప్పేవారి చేతులలో చివరి రకం చాలా ఎక్కువ. చేయి చిన్నగా కిందికి కదిలి ఆగుతుంది, ఆ ఆగడం ముఖ్యమైన పదంతో కలిసివస్తుంది, లేదా దానికంటే ఒక్క క్షణం ముందు వస్తుంది. పదం పలికిన తరువాత చేయి కదిలితే మాత్రం అది అలవాటు లేని నటుడి అభినయంలా ఉంటుంది.

ప్రాంప్టులో "చేతులు సహజంగా కదుపుతూ" అని వ్రాయడం తరచుగా జరిగే పొరపాటు. దీనికి నమూనా ఇచ్చే జవాబు ఆగకుండా కదిలే చేతులు. నిజానికి మనిషి చేతులు సహజంగా కనిపించడానికి కారణం వాటి కదలిక కంటే వాటి విశ్రాంతి. చేయి ఒక చోట నుండి లేచి, ఒక పని చేసి, మళ్ళీ అదే చోటుకు వస్తుంది. కనుక ప్రాంప్టులో మూడు విషయాలు చెప్పాలి: చేతులు మొదట ఎక్కడ ఉన్నాయి, ఏ ఒక్క కదలిక ఏ మాట దగ్గర జరుగుతుంది, తరువాత ఎక్కడికి తిరిగి వస్తాయి. 8 సెకన్లకు ఒక కదలిక చాలు, రెండు ఉంటే గరిష్ఠం.

కదలిక జరిగే ప్రదేశం కూడా ముఖ్యమే. చేయి గడ్డానికి దిగువనే ఉండాలి. ముఖానికి అడ్డు వస్తే పైన చెప్పిన ఊహ సమస్య మొదలవుతుంది. ఫ్రేము బయటకు పోయి తిరిగి వచ్చిన చేయి కూడా అటువంటిదే. వెళ్ళేటపుడు ఉన్న గాజులు వచ్చేటపుడు ఉండకపోవచ్చు, ఉంగరం మరొక వేలికి చేరవచ్చు. వేళ్ళను ఒకదానితో ఒకటి పెనవేయడం, వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టడం, బొటనవేలు చూపుడువేలు కలిపి సన్నని వస్తువును చూపడం వంటివి నమూనాలకు అత్యంత కష్టమైనవి. వేళ్ళు ఒకదానినొకటి దాటినపుడు ఏ వేలు ఏదో తెలియక అతుక్కుపోతాయి. తెరచిన అరచేయి, వేళ్ళు సడలించి ఉంచిన భంగిమ అన్నింటికంటే క్షేమమైనది. ఉపాధ్యాయులు వేళ్ళతో లెక్కపెట్టే అలవాటును ఈ రకపు వీడియోలలో వదులుకోవలసి రావడం నిజంగా ఒక లోటే.

## వెనుక దృశ్యం

వెనుక దృశ్యం కదలడానికి సగం కారణం కెమెరా. కెమెరా గురించి ప్రాంప్టులో ఏమీ చెప్పకపోతే నమూనా తన శిక్షణలో చూసిన వీడియోల అలవాటు ప్రకారం మెల్లగా ముందుకు జరగడమో, చేతితో పట్టుకున్నట్లు ఊగడమో చేస్తుంది. "సినిమాటిక్" అన్న పదం ఈ అలవాటును ఇంకా ప్రోత్సహిస్తుంది. అందువలన కెమెరా ట్రైపాడ్‌పై ఉందని, కంటి ఎత్తులో ఉందని, ఫ్రేము మొదటి నుండి చివరి వరకు ఒకటేనని ప్రాంప్టు ప్రారంభంలోనే చెప్పడం మంచిది.

మిగిలిన సగం కారణం ఆ దృశ్యంలో ఉంచిన వస్తువులు. తరగతి గది అనగానే నమూనా విద్యార్థులను, గోడపై పటాలను, తిరిగే ఫ్యానును, కిటికీ బయట చెట్లను, నల్లబల్లపై అక్షరాలను తెచ్చిపెడుతుంది. ఇవన్నీ కదిలేవి లేదా చదవదగినవి. నల్లబల్లపై అక్షరాల సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. వీడియో నమూనాలు అక్షరాలను ఆకారాలుగానే గీస్తాయి. గుణింతాలు, వత్తులు ఉన్న తెలుగు లిపిలో ఈ ఆకారాలు తెలుగులా కనిపించే గీతలుగా మారి, ఫ్రేము ఫ్రేముకూ రూపం మార్చుకుంటాయి. పాఠం చదివే విద్యార్థి ముందు తప్పు అక్షరాలున్న బల్లను ఉంచడం కంటే ఖాళీ బల్లను ఉంచడం మేలు. సూత్రాలు, పదాలు, బొమ్మలు వీడియో తయారైన తరువాత ఎడిటింగులో పైన అతికించుకోవాలి.

"కదలవద్దు", "లేదు" వంటి వ్యతిరేక పదాలను ముఖ్య వర్ణనలో వ్రాయకపోవడం మంచిది. "ఫ్యాను లేని గది" అని వ్రాస్తే ఫ్యాను అన్న పదం నమూనాకు చేరుతుంది, లేని అన్న పదం బలహీనంగా చేరుతుంది. ఫలితంగా ఫ్యాను రావచ్చు. "సాదా లేత నీలి గోడ" అని ఉన్నదానినే చెప్పాలి. కొన్ని సాధనాలలో వద్దనుకున్న వాటిని వ్రాయడానికి ప్రత్యేకమైన పెట్టె ఉంటుంది. అక్కడ కూడా "వద్దు" అని కాకుండా ఆ వస్తువుల పేర్లు మాత్రమే వ్రాస్తారు.

## ఒక ఉదాహరణ

ఉన్నత పాఠశాల భౌతిక శాస్త్రంలోని జడత్వం అనే భావనను తీసుకుందాం. ఉపాధ్యాయిని చెప్పవలసిన మాటలు ఇవి: "బస్సు ఆగింది. మన శరీరం మాత్రం ముందుకు కదులుతూనే ఉంటుంది. దీన్నే జడత్వం అంటారు."

మొదట ఈ మాటలు 8 సెకన్లలో పడతాయా అని చూడాలి. తెలుగులో ఒక్కొక్క పదం పొడవు ఎంతో తేడాగా ఉంటుంది కనుక పదాలను కాక, పలికే అక్షరాలను లెక్కించాలి. మొదటి వాక్యంలో 5, రెండవ దానిలో 18, మూడవ దానిలో 8, మొత్తం 31 అక్షరాలు. నిదానంగా పాఠం చెప్పేవారు సెకనుకు 5 అక్షరాలు పలికారనుకుంటే 6.2 సెకన్లు పడుతుంది. మిగిలిన 1.8 సెకన్లు వాక్యాల మధ్య విరామాలకు, మొదట్లో, చివర్లో కాస్త నిశ్శబ్దానికి సరిపోతాయి. మరొక వాక్యం చేర్చితే నమూనా మాటలను తొందరపెడుతుంది, లేదా చివరి పదాన్ని మింగేస్తుంది. తక్కువ మాటలు ఇస్తే మిగిలిన సమయాన్ని అనవసరమైన నవ్వుతోనో, సొంతంగా కల్పించిన మాటలతోనో నింపుతుంది. గడియారం దగ్గర పెట్టుకొని ఒకసారి పైకి చదివి చూసుకోవడం ఉత్తమమైన కొలత.

అనుభవం లేనివారు సాధారణంగా ఇలా వ్రాస్తారు:

```
A friendly teacher explains inertia in a classroom,
moving her hands naturally, cinematic, 4K
```

దీనిలో ప్రతి పదమూ ఒక సమస్యను తెస్తుంది. స్నేహపూర్వకమైన అన్న మాట వలన "బస్సు ఆగింది" అన్నపుడు కూడా చెరగని చిరునవ్వు వస్తుంది. తరగతి గది అన్నందుకు పటాలు, పిల్లలు వస్తారు. చేతుల గురించి, సినిమాటిక్ గురించి పైన చెప్పుకున్నాము. మాటలు ఏమిటో చెప్పనే లేదు కనుక జడత్వం గురించి నమూనా ఏదో ఒకటి కల్పిస్తుంది, అది తప్పు కూడా కావచ్చు. 4కె అన్నది వర్ణన కాదు, అది సాధనం అమరికలలో ఎంచుకోవలసిన పరిమాణం. ప్రాంప్టులో వ్రాసినంత మాత్రాన పిక్సెళ్ళు పెరగవు.

ఇదే దృశ్యాన్ని కింది విధంగా వ్రాయవచ్చు. ఆధార చిత్రం ఇస్తే ముఖవర్ణన ఉన్న రెండవ వాక్యాన్ని కుదించవచ్చు.

```
Static tripod shot, eye level, chest-up framing,
same framing from first to last frame.
A woman teacher of about 45, hair tied back, small
round bindi, plain maroon cotton sari, bare wrists.
She faces the camera and speaks Telugu at a calm pace,
blinking normally, head moving only slightly.
```

```
Both hands rest low in front of her. On the word
"ముందుకు" her right palm, fingers relaxed, moves a
short way to the side below chin height, then
returns to rest. Left hand stays still.
Plain pale blue wall, soft even light from both sides.
She says: "బస్సు ఆగింది. మన శరీరం మాత్రం ముందుకు
కదులుతూనే ఉంటుంది. దీన్నే జడత్వం అంటారు."
```

ఇందులో గమనించదగినది అరచేతి దిశ. "ముందుకు" అన్న మాటకు చేయి కెమెరా వైపు చాపడం తార్కికంగా సరైనది. కానీ కెమెరా వైపు వచ్చే చేయి క్షణక్షణానికీ పెద్దదవుతూ, ఛాతీని కప్పుతూ, వేళ్ళ పొడవు తప్పుగా చూపుతుంది. పక్కకు జరిగే అరచేతి పరిమాణం అంతగా మారదు. బస్సు ముందుకు పోయే దిశను పక్క నుండి చూస్తున్నట్లు విద్యార్థికి అర్థమవుతుంది కనుక పాఠానికి నష్టం లేదు. వెనుక గోడకు లేత నీలి రంగు ఎంచుకోవడానికి కారణం, అది మెరూన్ చీరకూ చర్మపు రంగుకూ దూరంగా ఉండి జుట్టు అంచులు గోడలో కలిసిపోకుండా చేయడం.

అయితే పాఠం తెలుగులో ఉన్నపుడు, మాటను కూడా నమూనా చేతనే పలికించడం కంటే మరొక మార్గం ఎక్కువ నమ్మదగినది. ఉపాధ్యాయిని తన గొంతుతో వాక్యాలను ఫోనులో రికార్డు చేసి, ధ్వనిని, ఆధార చిత్రాన్ని కలిపి తీసుకొనే సాధనానికి ఇస్తారు. అప్పుడు ఉచ్చారణ, విరామాలు, ఊనిక అన్నీ నిజమైనవి. జడత్వం అన్న పదంలోని "త్వ" చెడిపోదు. ప్రాంప్టు నుండి చివరి వాక్యం తీసివేసి, మిగిలినది అలాగే ఉంచుకోవచ్చు. ఒక్క నమూనా కూడా లేని కాలంలో పుట్టిన వర్ణమాల ఇక్కడ మరొక విధంగా ఉపయోగపడుతుంది, ఆ సంగతి తరువాతి భాగంలో ఉంది.

## ఫలితాన్ని పరీక్షించడం

మొదటిసారి చూసినపుడు వీడియో బాగానే ఉన్నట్లు అనిపించడం సహజం, ఎందుకంటే కన్ను మాట వెంట పోతుంది. అందుకే ముందు ధ్వని ఆపివేసి చూడాలి. అపుడు చేతులు, రెప్పలు, గోడ విడిగా కనిపిస్తాయి.

ముఖం మారిందా లేదా అనేది నిర్ణయించడానికి మొదటి ఫ్రేమును, చివరి ఫ్రేమును పక్కపక్కన పెట్టి చూడటం సరళమైన పద్ధతి. మధ్యలో మార్పు క్రమంగా జరుగుతుంది కనుక వరుసగా చూస్తే తెలియదు. ఉచితంగా దొరికే ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే సాధనంతో ఈ రెండు ఫ్రేములను ఇలా వేరుచేయవచ్చు:

```
ffmpeg -i clip.mp4 -frames:v 1 first.png
ffmpeg -sseof -1 -i clip.mp4 -update 1 last.png
```

రెండు చిత్రాలలో కళ్ళ మధ్య దూరం, బొట్టు స్థానం, చెవుల ఆకారం, జుట్టు ప్రారంభమయ్యే గీత పోల్చాలి. ముఖ కవళికతో నోరు, బుగ్గలు మారుతాయి కానీ చెవి మారదు. గోడకూ భుజానికీ మధ్య ఉన్న ఖాళీ మారితే, భుజం కదిలిందా లేక కెమెరా కదిలిందా అని చూడాలి. గోడ మీది ఒక మూలను గుర్తుగా తీసుకుంటే అది తేలిపోతుంది.

పెదవుల పరీక్షకు వర్ణమాలలోని ఓష్ఠ్యాలు పనికి వస్తాయి. ప, బ, భ, మ అనే అక్షరాలను పెదవులు మూయకుండా పలకడం సాధ్యం కాదు. కనుక వీడియోను సగం వేగంతో నడిపి, ఈ అక్షరాలు వచ్చే చోట పెదవులు పూర్తిగా కలిశాయా అని చూడాలి. పై ఉదాహరణలో అటువంటి చోట్లు ఐదు ఉన్నాయి: "బస్సు" మొదట్లో, "మన" మొదట్లో, "శరీరం మాత్రం" కలిసే చోట, "మాత్రం ముందుకు" కలిసే చోట, "జడత్వం అంటారు" కలిసే చోట. "ఆగింది", "ముందుకు" పదాలలో మధ్యనున్న సున్న "న" ధ్వనిని ఇస్తుంది కనుక అక్కడ పెదవులు మూయనవసరం లేదు. అక్కడ మూసుకుంటే అదీ తప్పే. ఐదింటిలో ఒక్కచోట పెదవులు కలవకపోయినా ఆ ముక్కను మళ్ళీ తయారు చేయించడం మంచిది. చూసే పెదవులకూ వినే ధ్వనికీ పొంతన కుదరకపోతే వినికిడే మారిపోగలదని 1976లో హ్యారీ మెక్‌గర్క్, జాన్ మెక్‌డొనాల్డ్ ప్రయోగపూర్వకంగా చూపారు. "బ" శబ్దానికి "గ" పలికే నోటిని జతచేస్తే చాలామందికి "ద" అని వినిపించింది. కొత్త పదాలను మొదటిసారి వింటున్న విద్యార్థి విషయంలో ఇది చిన్న విషయం కాదు.

లోపం కనిపించినపుడు ప్రాంప్టు మొత్తాన్ని తిరగవ్రాయకూడదు. చేతిలో లోపం ఉంటే చేతి వాక్యాన్ని మాత్రమే మార్చి చూడాలి. సాధనంలో సీడ్ అనే సంఖ్యను ఎంచుకొనే వీలుంటే దానిని మార్చకుండా ఉంచాలి. ఒకేసారి నాలుగు మార్పులు చేస్తే ఏ మార్పు వలన ఫలితం మెరుగైందో తెలియదు.

## పొడవైన పాఠం

పది నిమిషాల పాఠానికి 8 సెకన్ల ముక్కలు 75 కావాలి. ఒక ముక్క చివరి ఫ్రేమును తరువాతి ముక్కకు ఆధార చిత్రంగా ఇవ్వడం సులభమైన ఉపాయంలా కనిపిస్తుంది. కానీ ప్రతి ముక్కలోనూ వచ్చిన చిన్న మార్పు తరువాతి దానికి ఆస్తిలా సంక్రమిస్తుంది. కొన్ని ముక్కల తరువాత చర్మం నునుపుగా, రంగులు గాఢంగా మారి, మొదటి మనిషికి దూరపు బంధువులా కనిపించే వ్యక్తి మిగులుతారు. ఇందుకు బదులు ప్రతి ముక్కనూ మొదటి ఆధార చిత్రం నుండే మొదలుపెట్టాలి. అప్పుడు ముక్కల మధ్య చిన్న కుదుపు ఉంటుంది కానీ మార్పు పేరుకుపోదు. ఆ కుదుపు వచ్చే చోట బొమ్మనో సూత్రాన్నో తెరనిండా రెండు మూడు సెకన్లు చూపి, ధ్వనిని కొనసాగిస్తే అతుకు కనిపించదు. ప్రతి ముక్కలోనూ చేతులు విశ్రాంతి స్థితిలోనే మొదలై అక్కడే ముగియాలనే నియమం ఈ అతుకు కోసమే ఎక్కువగా ఉపయోగపడుతుంది.

నిజానికి పది నిమిషాలూ ముఖం కనిపించవలసిన అవసరం లేదు. పాఠం ప్రారంభంలో, కొత్త భావనను పరిచయం చేసేటపుడు, ప్రశ్న అడిగేటపుడు ముఖం చూపి, మిగిలిన సమయం బొమ్మలకు ఇస్తే 75 ముక్కలకు బదులు పది పన్నెండు ముక్కలతో సరిపోతుంది.

## అనుమతి, గుర్తింపు

ఆధార చిత్రం నిజమైన ఉపాధ్యాయులదైతే వారి అనుమతి తప్పనిసరి. ఆ అనుమతి ముఖానికీ గొంతుకూ విడివిడిగా ఉండాలి, ఏ పాఠాలకు, ఎంతకాలం అన్నది అందులో వ్రాసి ఉండాలి. లేకపోతే వారు ఎన్నడూ చెప్పని మాటలను వారి నోట పలికించే అవకాశం ఆ చిత్రం ఉన్న ప్రతివారికీ ఉంటుంది. ప్రసిద్ధ వ్యక్తుల ముఖాలను వాడటం కూడా సమస్యే. నటుడు అనిల్ కపూర్ పేరు, రూపం, గొంతులను అనుమతి లేకుండా కృత్రిమ మేధ ద్వారా వాడకుండా 2023 సెప్టెంబరులో ఢిల్లీ హైకోర్టు ఉత్తర్వులు ఇచ్చింది.

కొన్ని సాధనాలు తాము తయారుచేసిన వీడియోలలో కంటికి కనిపించని గుర్తును చేర్చుతాయి. గూగుల్ వియో వీడియోలలో ఉండే సింథ్‌ఐడీ అటువంటిది. చూసే విద్యార్థికి మాత్రం ఆ గుర్తు తెలియదు. అందువలన వీడియో మొదట్లో, ఆ ముఖం కృత్రిమంగా తయారుచేసినదనీ, పాఠ్యాంశాన్ని ఎవరు వ్రాశారో, గొంతు ఎవరిదో తెలిపే ఒక వాక్యాన్ని తెరపై అచ్చ తెలుగులో ఉంచడం సముచితం. ఈ వాక్యాన్ని కూడా ప్రాంప్టులో కాక ఎడిటింగులోనే చేర్చాలి, లేకపోతే అక్షరాలు చెదిరిపోతాయి.